కెటిల్‌లో గార: వెనిగరా, నిమ్మ ఉప్పా, ఎంత వేడిలో?

కెటిల్ మూత తీసి చూస్తే అడుగున తెల్లటి పొర. నీళ్లు గ్లాసులోకి వంచితే సన్నటి పెచ్చులు కాసేపు తిరుగాడి అడుక్కి దిగుతాయి. వీటితోపాటు ఇంకో ఫిర్యాదు కూడా వినిపిస్తుంది: "ఇదివరకు చిటికెలో కాగేవి, ఇప్పుడు ఎంతసేపటికీ కాగట్లేదు." ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే, కానీ ప్రతిసారీ కాదు. అందుకే వెనిగర్ సీసా మూత తీసేముందు రెండింటినీ విడివిడిగా చూడటం మంచిది.

ముందు పెచ్చుల సంగతి. నేలలోంచి, రాళ్ల మధ్యలోంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లనే పాఠాల్లో కఠిన జలం అని చదువుకున్నాం. చల్లటి నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ రూపంలో ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు. నీళ్లు వేడెక్కితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, బైకార్బొనేట్ కాస్తా కార్బొనేట్‌గా మారుతుంది. కాల్షియం కార్బొనేట్ నీళ్లలో దాదాపుగా కరగదు. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం: నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. కాబట్టి కెటిల్‌లో ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే సరిగ్గా అడుగు రేకు మీదే, పేరుకుంటుంది. దాన్నే గార పట్టడం అంటాం. సుద్ద, సున్నపురాయి, గవ్వ పెంకు, ఇవన్నీ కూడా ఆ పదార్థమే.

మరి రేకుకి అతుక్కున్న గార పెచ్చులుగా ఎందుకు ఊడుతుంది? స్విచ్ వేసిన ప్రతిసారీ స్టీలు రేకు వేడికి వ్యాకోచిస్తుంది, ఆపాక మళ్లీ ముడుచుకుంటుంది. పైనున్న సున్నపు పొర అదే లెక్కలో సాగలేదు, పైగా పెళుసు. దాంతో బీటలు వారి, గోడ పెచ్చులూడినట్టు ఊడి నీళ్లలోకి వస్తుంది. ఈ పెచ్చు ఒకటి రెండు కడుపులోకి పోతే హాని లేదు. ఎసిడిటీకి వాడే కొన్ని బిళ్లల్లో ఉండేది కూడా కాల్షియం కార్బొనేటే. గ్లాసులో చూడటానికి బాగోదు, పంటికింద తగిలితే చిరాకు, అంతవరకే.

అయితే తెల్లగా కనిపించిందల్లా గార కాదు. దీనికి తేలికైన పరీక్ష ఉంది. నాలుగు పెచ్చులు చెంచాలో వేసి పైన కాస్త వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అది కార్బొనేటే, ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి దానికి పనిచేస్తుంది. పెచ్చు పది నిమిషాలైనా కదలకుండా, మెదలకుండా అలాగే ఉంటే అది సిలికా పొర కావచ్చు, లేదా లోపలి పూత ఊడుతుండవచ్చు. సిలికా వంటింటి పులుపులకి లొంగదు. పూత ఊడుతున్న కెటిల్‌ని అసలు వాడకపోవడమే మేలు. నల్లగా గానీ మెరుస్తూ గానీ ఉన్న ముక్కలు వస్తున్నా అంతే.

ఇక రెండో ఫిర్యాదు. గార వేడిని అడ్డుకుంటుంది కాబట్టి నీళ్లు నిదానంగా కాగుతాయి, ఇదీ అందరూ చెప్పే కారణం. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక లొసుగు కనబడుతుంది. 1500 వాట్ల ఎలిమెంట్ కరెంటు ఉన్నంతసేపూ 1500 వాట్ల వేడి ఇస్తూనే ఉంటుంది. పైన గార ఉందని కరెంటుకి తెలియదు. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. కిందివైపు గాలిలోకి పోయేది కొద్దిగానే కాబట్టి దాదాపు అంతా నీళ్లలోకే పోతుంది. అలాంటప్పుడు ఆలస్యం ఎక్కడినుంచి వస్తోంది?

ఒక లెక్క వేసి చూద్దాం. అడుగు రేకు 12 సెంటీమీటర్ల వెడల్పు, ఎలిమెంట్ 1500 వాట్లు, రేకు మీద అర మిల్లీమీటరు గార అనుకుందాం. సున్నపు పొర వేడిని స్టీలు కంటే బాగా తక్కువగా, దాదాపు పదో వంతు వేగంతోనే దాటనిస్తుంది. అయినా అంత వేడి అంతే వేగంతో ఆ పొరను దాటాలంటే కింద రేకు నీళ్లకంటే అదనంగా సుమారు 30 నుంచి 65 డిగ్రీలు వేడెక్కాలి. అంటే నీళ్లకి అందే వేడిలో పెద్దగా మార్పు ఉండదు, రేకు మాత్రం కాలిపోతుంటుంది. ఒక మిల్లీమీటరు గార ఉంటే ఆ అదనపు వేడి రెట్టింపు అవుతుంది.

కెటిల్ అడుగున రెండు లోహాల బిళ్ల ఒకటి ఉంటుంది. నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే రేకు విపరీతంగా వేడెక్కుతుంది, అప్పుడు ఆ బిళ్ల వంగి కరెంటు ఆపేస్తుంది. అది మన రక్షణ కోసమే పెట్టింది. గార మందంగా పట్టిన రేకు వేడిని చూసి ఆ బిళ్ల పొరబడుతుంది, కెటిల్ ఖాళీగా ఉందనుకుని నీళ్లు కాగకముందే ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో రేకు చల్లారగానే బిళ్ల మళ్లీ యథాస్థితికి వచ్చి కరెంటు ఇస్తుంది, కాసేపటికి మళ్లీ ఆపుతుంది. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, నీళ్లు మాత్రం కాగవు. గార వల్ల వచ్చే అసలైన ఆలస్యం చాలావరకు ఇదే. ఎలిమెంట్ కూడా ఎప్పుడూ అధిక వేడిలో ఉండి త్వరగా పాడవుతుంది. నా దృష్టిలో గార తీయడానికి ఇదే అసలు కారణం, గ్లాసులో తేలే పెచ్చులు కాదు.

కాబట్టి ముందు గడియారం పట్టుకుని ఒక పరీక్ష చేయండి. సరిగ్గా ఒక లీటరు నీళ్లు పోసి, మూత పెట్టి, స్విచ్ వేసి సమయం చూడండి. 25 డిగ్రీల నీళ్లు 100 డిగ్రీలకి చేరాలంటే 1500 వాట్ల దగ్గర లెక్క ప్రకారం మూడున్నర నిమిషాలు చాలు. కెటిల్ ఒళ్లు వేడెక్కడం, పక్కలనుంచి వేడి పోవడం కలుపుకుంటే సుమారు నాలుగు నిమిషాలు. వాట్లు వేరైతే ఆ నిష్పత్తిలోనే మారుతుంది. మధ్యలో లైటు ఆరి వెలుగుతున్నా, నీళ్లు సలసల కాగకముందే స్విచ్ పడిపోతున్నా గార మీద అనుమానం బలపడుతుంది. అలా కాకుండా ఎక్కడా ఆగకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా నిదానంగా కాగుతుంటే ముందు కరెంటు వైపు చూడండి. 230 వోల్టులు రావాల్సిన చోట 200 వస్తే వాట్లు దాదాపు పాతిక శాతం తగ్గిపోతాయి, ఎందుకంటే వోల్టేజి తగ్గుదల ప్రభావం వాట్ల మీద వర్గం లెక్కన పడుతుంది. నాలుగు నిమిషాల పని అయిదుంబావు నిమిషాలు అవుతుంది. వదులైన ప్లగ్గు, సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇలాంటి పనే చేస్తాయి. ఇలాంటి ఆలస్యాన్ని ఎంత వెనిగరైనా తీర్చలేదు. ఈ మొదటి సమయాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

గార మాటే నిజమని తేలిందనుకుందాం. అది ఎంత ఉంటుంది? 12 సెంటీమీటర్ల రేకు మీద అర మిల్లీమీటరు అంటే సుమారు 12 గ్రాములు. వినడానికి చిన్న అంకే, కానీ లీటరు నీళ్లకి 100 మిల్లీగ్రాముల చొప్పున దిగినా, రోజుకి మూడు లీటర్లు కాచే ఇంట్లో నలభై రోజులకే అంత పేరుకుంటుంది. ఇప్పుడు ఈ 12 గ్రాములని కరిగించాలి.

వెనిగర్ సంగతి సూటిగా ఉంటుంది. వంటకి వాడే తెల్ల వెనిగర్‌లో సాధారణంగా 5 శాతం ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది. అది గారతో కలిస్తే కాల్షియం ఎసిటేట్ అవుతుంది, అది నీళ్లలో హాయిగా కరుగుతుంది. 12 గ్రాముల గారకి లెక్క ప్రకారం దాదాపు 290 మిల్లీలీటర్ల వెనిగర్ సరిపోతుంది. అయితే చివర్లో యాసిడ్ పలచబడి పని నెమ్మదిస్తుంది కాబట్టి అర లీటరు వాడటం మంచిది. వెనిగర్‌తో ఇబ్బంది వాసనే. వేడిగా ఉన్నప్పుడు ఆ ఆవిరి కళ్లని, గొంతుని మండిస్తుంది, ప్లాస్టిక్ భాగాల్లో ఒకటి రెండు రోజులు నిలిచిపోతుంది. రంగు వెనిగర్, రుచులు కలిపిన వెనిగర్ దీనికి వద్దు. 70, 80 శాతం ఘాటుతో అమ్మే ఎసిటిక్ యాసిడ్ జోలికి అసలే పోవద్దు, అది చర్మాన్ని కాలుస్తుంది.

సిట్రిక్ యాసిడ్, అంటే మనం నిమ్మ ఉప్పు అనేది, వాసన లేనిది. పొడిగా డబ్బాలో ఏళ్ల తరబడి ఉంటుంది. నీళ్లలో ఇనుము ఉండి అడుగున గోధుమరంగు మచ్చలు పడితే వాటిని కూడా పట్టి లాగేస్తుంది. పేరులో ఉప్పు ఉంది కదా అని మామూలు ఉప్పుతో గందరగోళ పడకండి. నా మట్టుకు నేను దీనికే ఓటేస్తాను, కానీ దీనిలో ఒక మెలిక ఉంది. దాన్ని చెప్పకుండానే చాలామంది "నిమ్మ ఉప్పు వేసి మరిగించండి" అనేస్తారు.

సిట్రిక్ యాసిడ్ గారతో కలిసి చివరికి కాల్షియం సిట్రేట్‌గా మారుతుంది. ఇది ఎసిటేట్ లాంటిది కాదు, గది వేడిలో లీటరు నీళ్లకి ఒక గ్రాము కూడా సరిగ్గా కరగదు. పైగా గారలాగే ఇదీ వేడెక్కేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. యాసిడ్ సమృద్ధిగా మిగిలి ఉన్నంతవరకు కాల్షియం కరిగిన రూపంలోనే ఉంటుంది. యాసిడ్ చాలక, నీళ్లు మరుగుతుంటే మాత్రం కాల్షియం సిట్రేట్ తెల్లటి పొడిలా విడిపోయి మళ్లీ అడుగు రేకు మీదే కూర్చుంటుంది. అంటే ఒక తెల్ల పొర తీసి ఇంకో తెల్ల పొర వేసుకున్నట్టు. ఈ కొత్త పొర వెనిగర్ చుక్క వేస్తే బుసబుసలాడదు, ఎందుకంటే అందులో కార్బొనేట్ లేదు. అదే దాని గుర్తు. "నిమ్మ ఉప్పుతో కడిగాను, ఇంకా గట్టిపడింది" అని ఎవరైనా అంటే వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, మరిగించేశారంతే.

అందుకని నిమ్మ ఉప్పు వాడితే రెండు విషయాలు చూసుకోవాలి. యాసిడ్ ఎక్కువగా ఉండాలి, వేడి మితంగా ఉండాలి. లీటరు నీళ్లకి రెండు పెద్ద చెంచాలు, అంటే 25 నుంచి 30 గ్రాములు. వేడి 60 డిగ్రీల దగ్గర. మందమైన గారకి ఒకేసారి ఎక్కువ పొడి వేసి మరిగించే బదులు, ఇదే మోతాదు తాజాగా రెండుసార్లు వేయడం మేలు.

60 డిగ్రీలని థర్మామీటరు లేకుండా పట్టడానికి చిన్న ఉపాయం ఉంది. అర లీటరు మామూలు నీళ్లు కెటిల్‌లో కాచండి. కాగాక స్విచ్ ఆపి, కెటిల్‌ని దాని పీఠం మీదనుంచి తీసి సింకు పక్కన పెట్టండి, ప్లగ్గు కూడా పీకేయండి. ఇంకో అర లీటరు చల్లటి నీళ్లలో 30 గ్రాముల నిమ్మ ఉప్పు ముందే కరిగించి ఉంచుకుని, దాన్ని కెటిల్‌లో కొద్దికొద్దిగా పోయండి. 100 డిగ్రీల నీళ్లు, 25 డిగ్రీల నీళ్లు సమానంగా కలిస్తే 60కి దగ్గరలో తేలుతుంది. వెనిగర్‌కి కూడా ఇదే పద్ధతి: కాగిన అర లీటరు నీళ్లలో అర లీటరు వెనిగర్. యాసిడ్ కలిశాక కెటిల్‌ని మళ్లీ స్విచ్ వేయాల్సిన పనే లేదు. వెనిగర్ మరిగించమని చెప్పే సలహాలో నాకు లాభం కనబడదు, కళ్లు మండటం తప్ప.

కొద్దికొద్దిగా పోయమన్నానే, దానికి కారణం ఉంది. 12 గ్రాముల గార పూర్తిగా కరిగితే సుమారు మూడు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే కెటిల్ పట్టే నీళ్లకి రెట్టింపు. గబుక్కున పోస్తే నురగ పొంగి మూత దగ్గరనుంచి, చిమ్ము నుంచి బయటికి వస్తుంది, అడుగున కరెంటు తగిలే పిన్నుల మీదికి కారుతుంది. అందుకే పీఠం మీద ఉంచకుండా, మూత తెరిచి, పైన తగినంత ఖాళీ ఉంచి పోయాలి. నీళ్ల మట్టం గార పట్టిన చోటుకి పైన ఉంటే చాలు. పొరపాటున బయట కారితే తుడిచి, పిన్నులు పూర్తిగా ఆరాకే మళ్లీ పీఠం మీద పెట్టండి. కెటిల్‌ని ఎప్పుడూ నీళ్లలో ముంచి కడగకూడదన్నది తెలిసిందే.

చిమ్ము దగ్గర జల్లెడ ఉంటే అది ఊడదీసి ఒక గ్లాసులో ఇదే ద్రావణం పోసి నానబెట్టండి. పెచ్చులు ఎక్కువగా చిక్కుకునేది అందులోనే. అరగంట నుంచి గంట లోపల పని అయిపోతుంది. రాత్రంతా వదిలేయడం వల్ల ఒరిగేది లేదు, రబ్బరు వాషర్లు యాసిడ్‌లో నానుతూ ఉండటమే మిగులుతుంది. ఈలోపల ఇంట్లో ఎవరో వచ్చి స్విచ్ వేసి టీ పెట్టేసుకునే ప్రమాదం ఒకటి ఉంది. కెటిల్ మీద ఒక చీటీ అంటించడం నామోషీ ఏమీ కాదు.

నురగ ఆగిపోయిందంటే రెండే అర్థాలు: గార అయిపోయింది, లేదా యాసిడ్ అయిపోయింది. అడుగు చూడండి. రేకు మెరుస్తుంటే మొదటిది. తెల్లగా ఇంకా ఉండి, కొత్త వెనిగర్ చుక్క వేస్తే మళ్లీ బుసబుసమంటే రెండోది, ఆ నీళ్లు పారబోసి తాజాగా ఇంకోసారి చేయండి. తెల్లగా ఉండి, బుసలాడకుండా ఉంటే నిమ్మ ఉప్పు పొర కూర్చుందన్నమాట. దానికి తాజా సిట్రిక్ యాసిడ్ ద్రావణం, ఈసారి గది వేడిలోనే, ఎక్కువసేపు. అది యాసిడ్ ఎక్కువగా ఉన్న చల్లటి నీళ్లలో మెల్లగా కరుగుతుంది. మెత్తబడ్డాక మెత్తటి స్పాంజితో రాస్తే వదులుతుంది. చాకుతో గీకడం, స్టీలు పీచుతో రుద్దడం వద్దు. ఆ గీతల్లోనే తర్వాతి గార ముందుగా పట్టేది.

వెనిగర్, వంటసోడా కలిపి పోసే చిట్కా చాలా చోట్ల కనిపిస్తుంది. చూడటానికి భలే నురగ వస్తుంది. కానీ ఆ నురగ గారది కాదు, సోడాది. గారని కరిగించాల్సిన యాసిడ్‌ని సోడా ముందే తినేసి, మీకు సోడియం ఎసిటేట్ నీళ్లు మిగుల్చుతుంది. వెనిగర్‌లో ఉప్పు కలిపే చిట్కా కూడా అనవసరం. ఉప్పులోని క్లోరైడు యాసిడ్‌తో కలిస్తే స్టీలుకి సూదిపోటు లాంటి గుంటలు పడతాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్లు చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. గార క్షణాల్లో పోతుంది కానీ స్టీలు కూడా దెబ్బతింటుంది, తాగే నీళ్ల పాత్రలో అది వాడటం ప్రమాదం. లోపల అల్యూమినియం ఉన్న పాత్రలకి ఈ పులుపులు ఎక్కువసేపు పడవు, అలాంటిదైతే తయారీదారు ఇచ్చిన కాగితం చూసి చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. బ్లీచింగ్ పౌడరు, బ్లీచ్ ద్రావణం వీటిని ఏ యాసిడ్‌తోనూ, వెనిగర్‌తో సహా, కలవనివ్వకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కెటిల్‌లో ఎవరూ బ్లీచ్ పోయరు కానీ, కడిగిన నీళ్లు పారబోసే సింకులో అంతకుముందు ఎవరైనా బ్లీచ్ వేసి ఉండవచ్చు. ముందు సింకులో కుళాయి తిప్పి బాగా నీళ్లు పోనిచ్చి, ఆ తర్వాతే పారబోయండి.

ఇక కడగడం. మామూలు నీళ్లతో రెండుమూడు సార్లు తొలిచి, ఆ తర్వాత గరిష్ఠ గీత దాకా నీళ్లు పోసి కాచి పారబోయాలి, మళ్లీ ఇంకోసారి. నిమ్మ ఉప్పు అయితే రెండుసార్లు చాలు. వెనిగర్ అయితే మూడోసారి పట్టవచ్చు. మూత తెరిచి ఒక పూట గాలికి వదిలేస్తే మిగిలిన వాసన పోతుంది. తర్వాత కాచిన నీళ్లు చల్లార్చి ఒక గుక్క రుచి చూడండి, పులుపు తగిలితే ఇంకోసారి కాచి పారబోయండి.

ఇప్పుడు ఆ కాగితం బయటికి తీయండి. మళ్లీ ఒక లీటరు, మళ్లీ గడియారం. మొదట ఆగుతూ ఆగుతూ ఏడు నిమిషాలు పట్టిన కెటిల్ ఇప్పుడు ఆగకుండా నాలుగు, నాలుగున్నర నిమిషాల్లో కాగితే దోషం గారదే. రేకు అద్దంలా మెరుస్తున్నా అదే ఏడు నిమిషాలు పడుతుంటే అది గార పని కాదు. వేరే గదిలో, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఇంకోసారి చూడండి. అక్కడా మారకపోతే ఎలిమెంట్‌లో గానీ ఆ రెండు లోహాల బిళ్లలో గానీ లోపం ఉంది. అది విప్పి చూడాల్సింది మనం కాదు, రిపేరు తెలిసినవాళ్లు.

మళ్లీ ఎప్పుడు చేయాలన్నది నీళ్లని బట్టి ఉంటుంది. క్యాలెండరులో తేదీలు గుర్తు పెట్టుకోవడం కంటే అడుగు రేకు చూడటం తేలిక. మెరుపు పోయి పలచగా తెల్లబడటం మొదలైనప్పుడే ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు, పదిహేను నిమిషాలు సరిపోతాయి. వాడాక మిగిలిన నీళ్లు కెటిల్‌లో నిలవ ఉంచకుండా పారబోస్తే మళ్లీ గార తీయాల్సిన రోజు కాస్త ఆలస్యంగా వస్తుంది. వడపోత యంత్రంలో ఖనిజాలు తీసేసిన నీళ్లు పోసేవాళ్లకి మాత్రం నెలల తరబడి ఈ పని పడకపోవచ్చు.